పోస్టుకో ఖాతా

మాదాపూర్ శిల్పారామంలో సాయంత్రం పూట ఏదైనా చేనేత దుకాణం పక్కన ఓ గంట నిలబడి చూడండి. ముందు నుంచి నడిచి వెళ్లేవాళ్లు వందల్లో ఉంటారు. వాళ్లలో కొందరు ఆగి, అంచు పట్టుకుని చూసి, ధర అడుగుతారు. ఒకామె చీర భుజం మీద వేసుకుని చూసి, మడతపెట్టి, "జీతం పడ్డాక వస్తామండీ" అని వెళ్లిపోతుంది. చివరికి ఒకరిద్దరు కొంటారు. దుకాణదారు నోట్‌బుక్ తీయకుండానే ఈ నాలుగు రకాల మనుషులనీ గుర్తుపెట్టుకుంటాడు. ఏ రంగు చీర బయట వేలాడదీస్తే జనం ఆగుతున్నారో, ఏది వేలాడదీస్తే డబ్బు వస్తోందో అతనికి విడివిడిగా తెలుసు. ఆ రెండూ ఒకటి కావని కూడా తెలుసు.

అదే చీరని కొండాపూర్‌లో ఫ్లాట్ నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాళ్లకి మనుషులు కనబడరు, అంకెలే కనబడతాయి. నడిచి వెళ్లినవాళ్లు రీచ్. ఆగి ధర అడిగినవాళ్లు క్లిక్. "జీతం పడ్డాక వస్తాం" అన్నవాళ్లు సేవ్. కొన్నవాళ్లకి మాత్రం ఆ తెరమీద అంకె ఉండదు, ఎందుకంటే బేరం వాట్సాప్‌లో కుదురుతుంది, డబ్బు యూపీఐలో వస్తుంది. ఉన్న మూడు అంకెలూ ఒకచోట, అసలైన నాలుగోది మరోచోట ఉండడంతోనే చిక్కు మొదలవుతుంది. ఆ రెంటినీ కలిపేది పాత చిట్టా ఆవర్జాల పద్ధతే. చిట్టాలో ఏ రోజు అమ్మకం ఆ రోజు వరసగా రాసేవారు. తీరిక దొరికినప్పుడు ప్రతి పద్దునీ ఆవర్జాలో ఎవరి ఖాతా కింద వాళ్లకి చేర్చేవారు. ఇక్కడ ఖాతా కొనేవాళ్లది కాదు, పోస్టుది. ప్రతి అమ్మకాన్నీ దాన్ని తెచ్చిన పోస్టు ఖాతాలో వేయాలి.

అలా వేయాలంటే ప్రతి పోస్టుకీ ఒక గుర్తు ఉండాలి. ఈ ఆలోచన ఫోన్లకంటే చాలా పాతది. తపాలాలో సరుకులు అమ్మిన అమెరికా వ్యాపారులు ఒక్కో పత్రికలో వేసిన కూపన్ మీద ఒక్కో గుర్తు అచ్చువేసేవారు. కూపన్ తిరిగి వచ్చినప్పుడు ఆ గుర్తు చూసి ఏ ప్రకటన డబ్బు తెచ్చిందో లెక్క కట్టేవారు. క్లాడ్ హాప్కిన్స్ 1923లో ప్రకటనల మీద రాసిన పుస్తకం ఈ కూపన్ల లెక్క చుట్టూనే తిరుగుతుంది. ఇప్పుడు వెబ్‌సైట్ లింకుల చివర కనిపించే utm అన్న అక్షరాలదీ అదే పని. అందులో మొదటి అక్షరం అర్చిన్ అనే కంపెనీ పేరు నుంచి వచ్చింది. 2005లో గూగుల్ దాన్ని కొనుక్కుంది.

వాట్సాప్‌లో అమ్మేవాళ్లకి అంత హంగామా అక్కర్లేదు. స్టోరీకి గానీ ప్రొఫైల్‌కి గానీ ఇలాంటి లింకు తగిలిస్తే చాలు. నొక్కగానే చాట్ తెరుచుకుని, గుర్తు ముందే టైప్ అయి ఉంటుంది.

```
https://wa.me/91XXXXXXXXXX?text=P14
```

మామూలు పోస్టు కింద రాసే మాటల్లో పెట్టిన లింకుని నొక్కినా తెరుచుకోదు. అక్కడ "వాట్సాప్‌లో P14 అని పంపండి" అని రాయాలి. చాలామంది చీర పేరునే గుర్తుగా పెడతారు. అది పొరపాటు. అదే చీర వచ్చే వారం ఇంకో పోస్టులో కనబడితే రెండు ఖాతాలూ కలిసిపోతాయి. గుర్తు సరుకుది కాదు, పోస్టుది.

ఇప్పుడు ఒక నెల లెక్క చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకి వేసినవి, తీరు మాత్రం ఇలాంటి దుకాణాల్లో ఉండేదే. పోచంపల్లి ఇక్కత్ కాటన్ చీరలమ్మే ఇల్లు అనుకుందాం. చీర ధర 2,400 రూపాయలు. నేతగాడికీ, ప్యాకింగ్‌కీ, కొరియర్‌కీ పోగా 500 మిగులుతుంది. నెలలో పెట్టిన వాటిలో మూడు పోస్టులు తీసుకుందాం.

మొదటిది రీల్. మగ్గం ఆడుతుంటుంది, వెనక అందరి నోటా నానుతున్న పాట. రెండు రోజులు కష్టపడి తీసి, 1,500 రూపాయలు పెట్టి బూస్ట్ చేశారు. 42,000 మంది చూశారు. 310 మంది సేవ్ చేసుకున్నారు, 58 మంది మెసేజ్ పెట్టారు, ఇద్దరు కొన్నారు. రెండోది బాల్కనీలో ఎండ పడేచోట తీసిన మూడు చీరల ఫొటో. మీద ధర, పొడవు, బ్లౌజ్ ముక్క ఉందో లేదో రాసి ఉంది. చూసింది 3,100 మందే. 96 సేవ్‌లు, 41 మెసేజ్‌లు, 9 ఆర్డర్లు. మూడోది ఇక్కత్ కాటన్ రంగు పోకుండా ఎలా ఉతకాలో చెప్పే ఐదు బొమ్మల పోస్టు. 5,200 మంది చూశారు, 640 మంది సేవ్ చేసుకున్నారు. మెసేజ్‌లు 12, మొదటి వారంలో ఆర్డర్ ఒక్కటే.

మొత్తం అంకెలు పక్కపక్కన పెడితే రీల్ ముందు మిగతావి వెలవెలబోతాయి. అందుకే అన్నిటినీ వెయ్యిమందికి ఎంత అన్న కొలతలోకి తేవాలి. వెయ్యిమంది చూస్తే రీల్‌కి మెసేజ్ పెట్టింది ఒకరిద్దరు, ఫొటోకి పదముగ్గురు. రీల్‌లో ఒక్క చీర అమ్ముడవడానికి 21,000 మంది చూడాల్సి వచ్చింది, ఫొటోకి సుమారు 350 మంది సరిపోయారు. మెసేజ్ పెట్టినవాళ్లలోనూ తేడా ఉంది. ఫొటో చూసి వచ్చిన 41 మందికి ధర ముందే తెలుసు, అందుకే వాళ్లలో తొమ్మిదిమంది కొన్నారు. రీల్ చూసి వచ్చిన 58 మందిలో ఎక్కువమంది అడిగింది "ఎంత?" అని. జవాబు వినగానే వెళ్లిపోయారు. వాళ్లకి సమాధానాలు రాయడానికి పట్టిన గంటలు కూడా రీల్ ఖాతాలో ఖర్చే.

ఇక డబ్బు. ఫొటో తెచ్చిన తొమ్మిదింటిలో ఒకటి తిరిగి వచ్చిందనుకుంటే, నిలిచిన ఎనిమిదింటి మీద 4,000 మిగిలింది. రీల్ మీద మిగిలింది 1,000, బూస్ట్‌కి పోయింది 1,500. లైకుల వర్షం కురిసిన పోస్టు 500 నష్టంలో ఉంది. ఇలాంటప్పుడు బూస్ట్ చేసేటప్పుడు ఏ లక్ష్యం ఎంచుకున్నారో వెనక్కి వెళ్లి చూడాలి. ప్రొఫైల్ చూసేవాళ్లు కావాలని నొక్కితే ఇన్‌స్టాగ్రామ్ చూసేవాళ్లనే తెచ్చిపెడుతుంది. మెసేజ్‌లు కావాలంటే అది విడిగా ఎంచుకోవాలి. ఇన్‌సైట్స్‌లో ఊళ్ల జాబితా కూడా ఉంటుంది. చూసినవాళ్లెక్కడో దూరాన ఉంటే గచ్చిబౌలి ఆఫీసుకి చేత్తో అందించే చీరకి ఆ రీచ్ వల్ల ఒరిగేది తక్కువ.

మూడో పోస్టు దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పుగా కొట్టేసేది దాన్నే. వారం తర్వాత చూస్తే ఒక్క ఆర్డర్, అది విఫలమైనట్టే. కానీ చూసిన ప్రతి వెయ్యిమందిలో 120కి పైగా దాచుకున్నారు. సైబరాబాద్‌లో జీతాలు నెలాఖరునో ఒకటో తారీఖునో పడతాయి. పన్నెండో తేదీన దాచుకున్నది రెండో తేదీన బయటికి వస్తుంది. అప్పుడు దాచుకున్న ఆమె లింకు నొక్కదు, గుర్తు టైప్ చేయదు. దాచుకున్న పోస్టునే మెసేజ్‌లో పంపించి "ఇందులో రెండో బొమ్మలో ఉన్న చీర ఉందా అండీ?" అంటుంది. అలా తర్వాతి నెల మొదటివారంలో ఐదు చీరలు పోయాయి. చిట్టా రాసేవాళ్లు ఆ పంపిన బొమ్మని చూసి పోస్టు ఖాతాలో వేస్తేనే ఒకటి ఆరవుతుంది. వేయకపోతే ఆ అమ్మకాలు "వాట్సాప్ నుంచి వచ్చాయి" అన్న గోతిలో పడిపోతాయి.

కాబట్టి ప్రతి పోస్టుకీ రెండు తేదీల్లో అంకెలు రాయాలి, ఏడో రోజున ఒకసారి, ముప్పయ్యో రోజున ఒకసారి. వయసు ఒకటే అయితేనే రెండు పోస్టులకి పోలిక. మూడు వారాల పోస్టునీ మొన్నటి పోస్టునీ పక్కన పెట్టి చూస్తే పాతదే గెలుస్తుంది. సోమవారం ఉదయం అరగంట చాలు. ఆ వారం ఏడో రోజూ ముప్పయ్యో రోజూ నిండిన పోస్టులని తెరిచి, నోట్‌బుక్‌లో ఒక్కోదానికి ఒక వరస రాయాలి. గుర్తు, తేదీ, పోస్టు రకం, చూసినవాళ్లు, దాచుకున్నవాళ్లు, మెసేజ్ పెట్టినవాళ్లు, కొన్నవాళ్లు, తిరిగి వచ్చినవి, మిగిలిన డబ్బు. రీచ్ రాయాల్సిన చోట వ్యూస్ రాయకండి. రీచ్ మనుషుల లెక్క, వ్యూస్ ఎన్నిసార్లు చూశారన్న లెక్క. ఒకామె మూడుసార్లు చూస్తే వ్యూస్ మూడు, రీచ్ ఒకటే. సేవ్‌లు, రీచ్ కనబడాలంటే ఇన్‌స్టాగ్రామ్ ఖాతాని ప్రొఫెషనల్ రకానికి మార్చుకోవాలి, అది ఉచితమే.

ఈ లెక్క మోసం చేసే సందర్భాలు రెండు. ఒకటి పండగ. బతుకమ్మ ముందు వారం ఏ పోస్టు పెట్టినా అమ్ముడవుతుంది, ఆ గొప్ప పోస్టుది కాదు. ఆ వారం పోస్టులని ఆ వారం పోస్టులతోనే పోల్చాలి. రెండోది చిన్న అంకెలు. రెండు ఆర్డర్లకీ తొమ్మిదికీ తేడా ఉందనొచ్చు, ఐదుకీ ఏడుకీ ఉందనలేం. అందుకే నోట్‌బుక్‌లో పోస్టు రకం అన్న గడి పెట్టమన్నాను. ధర రాసిన ఫొటోలు నాలుగు, రీళ్లు నాలుగు, ఉతికే పద్ధతి లాంటివి నాలుగు పోగయ్యాక రకానికి రకం కూడి చూస్తే అప్పుడు ఒక మాట అనొచ్చు. ఒక్క రీల్ పోయిందని రీళ్లే మానేయడం తొందరపాటు. బూస్ట్ లేకుండా, ధర చూపించి, మరో మూడు తీసి చూడాలి.

ఈ ఇంటి తర్వాతి నెల అలాగే సాగింది. ధర రాసిన ఫొటోలు 28 నుంచి 5వ తేదీ మధ్య. దాచుకోవాల్సిన పోస్టులు నెల మధ్యలో, ప్రతి బొమ్మ మూలనా గుర్తు అచ్చువేసి, ఏ రూపంలో తిరిగి వచ్చినా చదవగలిగేలా. ఆర్డర్ ఖాయం చేసే మెసేజ్‌లో ఒక ప్రశ్న చేరింది: "మా చీర ఎక్కడ చూశారండీ?"

దానికి వచ్చే జవాబుల్లో ఎక్కువసార్లు వినిపించేది, "మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పెట్టారండీ" అన్నది. ఎవరు పెట్టారో, ఏ పోస్టు చూసి పెట్టారో ఇన్‌సైట్స్‌లో ఎక్కడా ఉండదు. వాళ్లు పంపే స్క్రీన్‌షాట్ మూలన గుర్తు కనబడితే ఆ ఖాతాలో, లేకపోతే "గ్రూపు" అన్న విడి ఖాతాలో వేస్తున్నారు. రెండో నెలాఖరుకి ఆ ఖాతాలో ఏడు చీరలున్నాయి. ఏడింటిలో నాలుగు ఒకే గేటెడ్ కమ్యూనిటీ చిరునామాకి వెళ్లాయి. వచ్చే శనివారం అక్కడి క్లబ్ హౌస్‌లో ఒక బల్ల అద్దెకి తీసుకుంటున్నారు.