యాభై వేల నాలుగు వందలు

మా కాకినాడలో నేను లెక్కలు చూసే ఖాతాల్లో ఒక క్యాటరింగ్ ఆయనది ఉంది. ఇరవై ఏళ్ల క్రితం ఒక్క గాడిపొయ్యితో మొదలుపెట్టిన మనిషి. ఇప్పుడు ఆరు వందల ఆకులు, ఎనిమిది వందల ఆకులు ఒంటిచేత్తో నడిపేస్తాడు. వంటలో ఆయనకు పేరు పెట్టేవాళ్లు లేరు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు తెలిసిన లెక్క ఒక్కటే: చేతికొచ్చింది ఆదాయం, చేతినుంచి పోయింది ఖర్చు. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో కార్తీకంలో ఒక పెళ్లి ఆగిపోయినప్పుడు ఆయనకూ తెలిసింది, నాకూ ఇంకోసారి గుర్తొచ్చింది.

నవంబరు 23న పెళ్లి. ఆరు వందల ఆకులు, ఆకుకి 350. మొత్తం 2,10,000, దానిమీద జీఎస్టీ 5 శాతం. శ్రావణమాసంలో, ఆగస్టు చివర పెళ్లికూతురి తండ్రి వచ్చి మెనూ ఖాయం చేసుకుని 63,000 అడ్వాన్సు ఇచ్చాడు. అందులో 60,000 వంటది, 3,000 పన్ను. ఈలోగా పెళ్లికొడుకు నాయనమ్మ పోయింది. మైల అయ్యాక నవంబరు 2న ముహూర్తం మార్చుకున్నారు, ముహూర్తంతో పాటు ఊరూ మారింది. పెళ్లి హైదరాబాద్‌లో మగపెళ్లివారి ఇంటి దగ్గర చేస్తామన్నారు. తేదీ ఒక్కటే మారితే ఆర్డరును ముందుకు జరుపుకోవచ్చు. ఊరే మారితే చేసేదేముంది? రద్దు.

పెళ్లికూతురి తండ్రి మర్యాదస్తుడు. "మీకు నష్టం రానివ్వనండీ, ఫారంలో రాసుకున్నంత మినహాయించుకుని మిగతాది ఇప్పించండి" అని ఫోన్ చేశాడు. మా క్యాటరింగ్ ఆయన నాకు ఫోన్ చేసి, "మాస్టారూ, అడ్వాన్సు వెనక్కి ఇవ్వబడదు అని బోర్డు పెట్టేద్దామా" అన్నాడు. నేను నవ్వాను గానీ, ఆయన అన్నది హాస్యానికి కాదు.

అసలు అడ్వాన్సు అంటే ఏమిటి? మన పెద్దవాళ్లు బయానా అనేవారు. మాట తప్పకుండా ఉండటానికి ఇచ్చే చిన్న పైకం అది. మాట తప్పితే పోయేది కూడా ఆ పైకమే. ధరలో భాగంగా ముందే ఇచ్చే డబ్బు వేరు. ఈ తేడా మీద సుప్రీంకోర్టు 1963లోనే ఫతేచంద్ కేసులో తీర్పు చెప్పింది. 1,12,500కు ఒక స్థిరాస్తి బేరం కుదిరింది. కొనేవాడు బయానాగా 1,000, ధరలో భాగంగా 24,000 ఇచ్చి, బేరం పూర్తి చేయలేదు. మొత్తం 25,000 నాదే, ఒప్పందంలో అలాగే రాసుకున్నాం అన్నాడు అమ్మేవాడు. వెయ్యి ఉంచుకోవచ్చు, 24,000 ఉంచుకోవాలంటే అంత నష్టం వచ్చిందని చూపించాలి అంది కోర్టు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ సారం ఇది: కాగితం మీద ఎంత రాసుకున్నా అది పైహద్దు మాత్రమే, దాని లోపల దక్కేది సమంజసమైన పరిహారం. కాబట్టి మావాడు బోర్డు పెట్టినా, గట్టిగా అడిగే కస్టమర్ ఎదురైన రోజున ఆ బోర్డు గోడకున్న అలంకారమే.

మా ఆర్డరు ఫారంలో ఉన్నది అంత మొండి మాట కాదు. కార్యానికి పదిహేను రోజుల ముందు రద్దు చేస్తే అడ్వాన్సులో 20 శాతం, పన్ను అదనం. ఆ తర్వాతైతే 50 శాతం. ఇక్కడ ఇంకా 21 రోజులున్నాయి, కాబట్టి 60,000 మీద 20 శాతం, అంటే 12,000. ఈ 12,000 సమంజసమా కాదా అని నేను వేరే పుస్తకం తెరిచాను. కేటరర్లందరినీ ఇలాంటి పుస్తకం పెట్టుకోమని సతాయిస్తుంటాను. ఆర్డరు కోసం ఎవరికి ఎంత చేతబెట్టారో రాసే చిన్న నోటు పుస్తకం. అందులో ఉన్నది ఇది: వంట మాస్టారుకి ఇచ్చిన 6,000, అది తిరిగిరాదు. వడ్డన కుర్రాళ్ల మేస్త్రికి 2,000. నీళ్ల సీసాల మీద వధూవరుల పేర్లతో అచ్చు వేయించిన లేబుళ్లకు 3,200. మొత్తం 11,200. పప్పులు, నూనెలు కొన్నా లెక్కలోకి రావు, రేపటి వంటకి పనికొస్తాయి. లేబుళ్లు మాత్రం ఎవరికీ పనికిరావు, వాటి మీద పేర్లున్నాయి.

"మరి ఆ రోజుకి వేరే బేరం వదులుకున్నాను కదండీ" అన్నాడు మావాడు. వదులుకున్న మాట నిజమే. అయితే మూడు వారాల వ్యవధి ఉంది, కార్తీకమాసం. వారం తిరక్కుండానే అదే తేదీకి రెండు వందల ఆకుల ఒడుగు వంట ఆయనే ఒప్పుకున్నాడు. పోయిన బేరం పేరు చెప్పి ఎక్కువ ఉంచుకుని, ఖాళీ అయిన తేదీని మళ్లీ అమ్ముకుంటే అడిగే వాళ్లకు మన దగ్గర జవాబుండదు. 11,200 నష్టానికి 12,000 రుసుము దగ్గర్లోనే ఉంది. ఆ మాట అనేసరికి ఆయన తగ్గాడు.

ఇంతవరకూ పోట్లాట. అసలు పని ఇక్కడ మొదలైంది. తిరిగి ఎంత ఇవ్వాలి?

మా ఆఫీసు కుర్రాడు 48,000 అన్నాడు. 60,000లో 12,000 తీసేస్తే 48,000, పన్ను 3,000 ప్రభుత్వానికి కట్టేశాం కనుక అది పోయింది అని అతని వాదన. పెళ్లికూతురి తండ్రి కాగితం మీద వేసుకున్నది 51,000. ఇచ్చింది 63,000, రుసుము 12,000, మిగిలింది 51,000. ఇద్దరి లెక్కా పైకి సబబుగానే కనిపిస్తుంది. ఇద్దరిదీ తప్పే.

వంట చేసి పెట్టడం సేవ. సేవలకు అడ్వాన్సు అందిన నెల రిటర్నులోనే పన్ను కట్టాలి. సరుకులు అమ్మే చాలామంది వ్యాపారులకు అడ్వాన్సు మీద పన్ను 2017 నవంబరులోనే తీసేశారు, సేవలకు తీయలేదు. అందుకని ఆగస్టు రిటర్నులో 3,000 కట్టాం. ఆర్డరు రద్దయ్యాక, ఉంచుకున్న 12,000 రద్దు రుసుము. 2022 ఆగస్టులో వచ్చిన 178వ సర్క్యులర్ ప్రకారం రద్దు రుసుముకు అసలు సేవకు ఉన్న పన్ను రేటే వర్తిస్తుంది. అంటే 12,000 మీద 600. మన ఫారంలో పన్ను అదనం అని ఉంది కనుక ఆ 600 కస్టమర్‌దే. తిరిగివెళ్లే 48,000 మీద సేవే జరగలేదు. దాని మీద కట్టిన 2,400 ప్రభుత్వం దగ్గర ఉండాల్సిన సొమ్మూ కాదు, మన దగ్గర ఉండాల్సిన సొమ్మూ కాదు. 48,000కు 2,400 కలిపితే 50,400. ఇవ్వాల్సింది అది.

కుర్రాడి లెక్కన ఇస్తే కస్టమర్‌కు 2,400 నష్టం. తండ్రి లెక్కన ఇస్తే 600 మా కేటరర్ జేబులోంచి పోతుంది. ఫారంలో 'పన్ను అదనం' అన్న మాట లేకపోతే మాత్రం 12,000లోనే పన్ను కలిసి ఉందనుకుని అందులోంచి 571 పన్నుగా తీయాల్సి వచ్చేది, తండ్రి అడిగిన 51,000 సరైపోయేది. ఆ రెండు మాటల విలువ అంత.

కాగితాలు రెండు కావాలి. ఒకటి 12,600కు ఇన్వాయిస్, వివరం దగ్గర 'ఆర్డరు రద్దు రుసుము' అని. రెండోది 50,400కు రిఫండ్ వోచర్. దానిమీద ఆగస్టులో ఇచ్చిన రసీదు వోచర్ నంబరు, తేదీ తప్పక ఉండాలి. ఇక్కడ చాలామంది జారిపోతారు. ఆగస్టులో తెల్లకాగితం మీద 'ముట్టింది' అని సంతకం చేసి ఇచ్చేస్తారు, నవంబరులో దేన్ని చూపించి తిరిగిస్తున్నామో చెప్పలేరు. 2,400 కోసం జీఎస్టీ పోర్టల్లో RFD-01 దరఖాస్తు పెట్టుకోవచ్చని కరోనా కాలంలో, 2020 ఏప్రిల్లో సర్క్యులర్ ఇచ్చారు. పెళ్లిళ్లన్నీ ఆగిపోయిన రోజులవి, ఆ అవసరం అప్పుడు ఒకేసారి అందరికీ వచ్చింది. గడువు రెండేళ్లు. కేంద్రానిది, రాష్ట్రానిది వేర్వేరుగా చూస్తారు, ఒక్కోటి వెయ్యికి తగ్గకూడదు. మాది చెరి 1,200, గట్టెక్కాం.

ఇక పుస్తకంలో. నా తొలి రోజుల్లో నేను చేసిన తప్పు ఇక్కడ ఒప్పుకోవాలి. ఒక ఫొటోగ్రాఫర్ అడ్వాన్సులన్నీ వచ్చిన రోజే అమ్మకాల్లో రాసేశాను. రద్దయినవి తిరిగిచ్చినప్పుడు 'ఇతర ఖర్చులు' అని రాశాను. లాభం అటూ ఇటూ సరిపోయింది కానీ అమ్మకాలు ఉన్నదానికంటే ఎక్కువ తేలాయి. మార్చి తర్వాత ఇన్వాయిస్‌లతో పోల్చినప్పుడు బయటపడింది. ఆ ఏడాది ఆయనతో నేను తిన్న తిట్లు ఇక్కడ రాయదగినవి కావు.

సరైన పద్ధతి తేలిక. అడ్వాన్సు వచ్చినప్పుడు పార్టీ పేరుతో 63,000 జమ. అది మనం వాళ్లకు బాకీ, అమ్మకం కాదు. రద్దైన రోజు ఇన్వాయిస్ 12,600 ఆ ఖాతాలో ఖర్చు రాయాలి. అందులో 12,000 రద్దు రుసుముల ఆదాయం, 600 పన్ను. తిరిగిచ్చిన 50,400 కూడా అదే ఖాతాలో ఖర్చు. నిలవ సున్నా. సున్నా రాకుండా 600 మిగిలితే రుసుము మీద పన్ను మర్చిపోయినట్టు, 2,400 మిగిలితే కుర్రాడి లెక్క దూరినట్టు. ప్రతి మార్చిలోనూ నేను ముందుగా చూసేది అడ్వాన్సుల జాబితా. కార్యం అయిపోయి నెలలు గడిచినా ఏ పేరు మీదైనా జమ నిలిచి ఉంటే, అక్కడ ఇన్వాయిస్సో రిఫండో రాయడం మర్చిపోయారన్నమాట.

డబ్బు పంపే రోజు చిన్న చిక్కు వచ్చింది. ఆగస్టులో 43,000 తండ్రి ఖాతా నుంచి, 20,000 పెళ్లికూతురి మేనమామ ఫోన్ నుంచి వచ్చాయి. రసీదు తండ్రి పేరనే ఇచ్చాం. "మొత్తం నాకే పంపండి, బావమరిదితో నేను చూసుకుంటాను" అన్నాడాయన. మావాడు సరేనన్నాడు. నేను ఆగమన్నాను. ఇంటివాళ్ల మధ్య మాట ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు. మేనమామ చేత నాలుగు ముక్కలు రాయించి, సంతకం పెట్టించి, ఫొటో పంపించమన్నాం. "అంత నమ్మకం లేదా గుమస్తా గారూ" అని ఆయన కొంచెం నొచ్చుకున్నాడు కానీ, సాయంత్రానికి కాగితం వచ్చింది, 50,400 వెళ్లింది.

లేబుళ్లు ఇంకా మా క్యాటరింగ్ ఆయన గోడౌన్‌లోనే ఉన్నాయి. మొన్న లెక్కల కోసం వెళ్తే, వంట మాస్టారు కూరగాయల చీటీ నా చేతిలో పెట్టాడు. వంకాయలు ఇరవై కిలోలు, దొండకాయలు పదిహేను. తిప్పి చూశాను. వెనక వధూవరుల పేర్లున్నాయి.