చేతికందిన పేజీల మేరకే

జర్నలిజం విద్యార్థులకు నేనిచ్చే పరీక్ష ఒకటుంది. శ్రీకృష్ణ కమిటీ నివేదిక 461 పేజీలు, తొమ్మిది అధ్యాయాలు. అందులో విషయసూచిక, ముందుమాట, మొదటి అధ్యాయం ఆరంభం మాత్రమే చేతికిచ్చి సారాంశం రాయమంటాను. ఈసారి ఒకమ్మాయి రాసిన కాగితం దాచుకోదగ్గది.

మొదటి వాక్యంలోనే హద్దు గీసేసింది: ‘మొత్తం 461 పేజీల్లో మాకు అందినవి మొదటి కొన్ని పేజీలే. రెండు నుంచి తొమ్మిది వరకు అధ్యాయాలు చూడలేదు. కమిటీ సిఫార్సులేమిటో ఈ పేజీలను బట్టి చెప్పలేం.’ ఇదే మాట చివర్లో పెట్టి ఉంటే, అప్పటికే పాఠకుడు ఒక అభిప్రాయానికి వచ్చేసేవాడు.

అసలు ఉచ్చు మొదటి అధ్యాయంలో ఉంది. అది చరిత్ర. తెలంగాణను కొంతకాలం ప్రత్యేక రాష్ట్రంగానే ఉంచాలని 1955లో ఫజల్ అలీ కమిషన్ చేసిన సూచన అక్కడ వస్తుంది. కంగారుపడితే అది శ్రీకృష్ణ కమిటీ మాటే అనిపిస్తుంది. చాలామంది ‘నివేదిక ప్రకారం తెలంగాణ వేరుగా ఉండాలి’ అని రాసేశారు. ఈ అమ్మాయి మాత్రం ‘1955 కమిషన్ ఇలా సూచించిందని కమిటీ గుర్తుచేసింది’ అంది. సూచించింది ఒకరు, గుర్తుచేసింది మరొకరు. ఎవరి క్రియ వారికే అప్పజెప్పింది. తొమ్మిదో అధ్యాయం తెరిస్తే తేడా తెలుస్తుంది: అక్కడున్న ఆరు ప్రత్యామ్నాయాల్లో కమిటీ అన్నిటికన్నా మేలన్నది ఆరోదాన్ని, అంటే రాష్ట్రాన్ని కలిపే ఉంచి తెలంగాణకు ప్రాంతీయ మండలి ఏర్పాటు చేయడాన్ని.

విషయసూచికనూ అంతే జాగ్రత్తగా వాడింది. ఎనిమిదో అధ్యాయం శీర్షిక శాంతిభద్రతల గురించి. ‘శాంతిభద్రతలను కమిటీ వివరంగా చర్చించింది’ అని రాయడం తేలికే. ఆమె ‘ఈ పేరుతో ఒక అధ్యాయం ఉంది’ అని ఆగిపోయింది. అదే సరైంది. ప్రజలకు విడుదలైన ప్రతిలో ఆ అధ్యాయం పేరుకే ఉంది. అసలు విషయాన్ని సీల్డ్ కవర్‌లో విడిగా కేంద్రానికి ఇచ్చారు. శీర్షికను బట్టి లోపలి సరుకు ఊహిస్తే ఏమవుతుందో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

నీటి పంపకాల గురించి ‘నివేదికలో ఏమీ లేదు’ అనకుండా ‘మాకు అందిన పేజీల్లో లేదు, నాలుగో అధ్యాయం చూడాలి’ అని రాయడం ఇంకా నచ్చింది. మొదటి మాట నివేదిక మీద తీర్పు, రెండోది మన చేతిలో ఉన్నదాని లెక్క. పైగా పాఠకుడు ఎక్కడ వెతకాలో కూడా చెప్పేసింది.

‘బహుశా’, ‘కావచ్చు’ అని వాక్యం వాక్యానికీ తగిలించడం జాగ్రత్త కాదు. చూసింది గట్టిగా చెప్పి, చూడనిదాన్ని అధ్యాయం పేరుతో సహా చూడలేదనాలి. సారాంశం రాసేవారు ఈ కాగితాన్ని నమూనాగా పెట్టుకోవచ్చు.