ఒక్క మోతాదు, రెండు గంటల ఓపిక

ఈ దగ్గును పోల్చుకోవడానికి స్టెతస్కోపు అక్కర్లేదు. పిల్లవాడు ఇంకా గుమ్మం అవతల ఉండగానే తెలిసిపోతుంది. పగలంతా ముక్కు కారుతున్నా, ఒళ్లు కాస్త వెచ్చగా ఉన్నా ఆడుకుంటూనే తిరిగిన బిడ్డ, రాత్రి నిద్రలోంచి ఒక్కసారిగా లేచి కుక్క మొరిగినట్టు దగ్గుతాడు. గొంతు బొంగురుపోతుంది. ఊపిరి లోపలికి పీల్చిన ప్రతిసారీ గొంతులోంచి కీచుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దాన్ని స్ట్రైడార్ అంటాం. జబ్బు పేరు క్రూప్. కాశిబుగ్గలో చిన్నపిల్లల డాక్టరుగా, వానలు తగ్గి రాత్రులు చల్లబడే రోజుల్లో ఈ దగ్గు కోసం నా చెవి ఎప్పుడూ కాచుకునే ఉంటుంది.

ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకే ఇది ఎక్కువగా వస్తుంది. చాలావరకు పారాఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్ వల్ల. పెద్దవాళ్లకు అదే వైరస్ సోకితే మామూలు జలుబుతో పోతుంది. పసివాళ్లకు ఎందుకింత కష్టం అంటే, జవాబు వాళ్ల గొంతు కొలతలో ఉంది. స్వరపేటికకు సరిగ్గా కింద, గాలిగొట్టం మొదట్లో, ఉంగరంలాంటి మృదులాస్థి ఒకటి చుట్టూ బిగిసి ఉంటుంది. అక్కడ పొర వాచిందంటే ఆ వాపు బయటికి సాగలేదు, లోపలికే పెరగాలి. చంటిబిడ్డకు ఆ దారి వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా మిగిలేది 2 మిల్లీమీటర్లే. దారి వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది, నెమ్మదిగా పీల్చే గాలికి సైతం అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. దాని రెట్టింపు వెడల్పున్న గొట్టంలో అదే ఒక మిల్లీమీటరు వాపు వస్తే ఆ అడ్డు మూడు రెట్లు దాటి పెద్దగా పెరగదు.

బిడ్డ ఏడిస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. కాగితపు స్ట్రా నానిపోయాక గట్టిగా పీల్చి చూడండి, గోడలు దగ్గరికి వచ్చి అతుక్కుంటాయి. ఏడుస్తూ బలంగా గాలి లాగే పసివాడి గొంతులో జరిగేదీ అదే. అందుకే క్రూప్ వైద్యంలో మొదటి పని మందు కాదు, బిడ్డను ఏడిపించకపోవడం. చూసేవాళ్లకు అప్పుడు మేమేమీ చేయనట్టే కనిపిస్తుంది. నిజానికి ఈ వృత్తిలో నేర్చుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టేది అదే.

ఆ రాత్రి వచ్చిన బిడ్డకు ఏడాదిన్నర. పది కిలోల బరువు. తండ్రి భుజం మీద వేసుకుని వచ్చాడు, వెనకాలే తల్లి, నాయనమ్మ. "మేడం, కుక్క లెక్క దగ్గుతున్నడు. దమ్ము ఎగపోస్తంది. ఇంట్ల మిషన్ పెట్టినం, తగ్గలే" అన్నాడు తండ్రి. మిషన్ అంటే నెబ్యులైజర్. ఇంట్లో పెద్దబ్బాయికి ఉబ్బసం ఉండటంతో కొన్నది. అందులో వేసే సాల్బుటమాల్ ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలను వదులు చేస్తుంది, గొంతు వాపును తగ్గించలేదు. రెంటినీ వేరు చేసి చెప్పేది శబ్దమే. ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలోంచి పిల్లికూత వస్తే ఉబ్బసం తరహా ఇబ్బంది. ఊపిరి పీల్చేటప్పుడు గొంతులోంచి కీచుమంటే అడ్డు పైన ఉంది.

"బల్ల మీద పడుకోబెట్టమంటారా మేడం?" అని తల్లి అడిగింది. "వద్దమ్మా, నీ ఒళ్లోనే ఉంచుకో. నేను ఇక్కణ్ణుంచే చూస్త" అన్నాను. చొక్కా గుండీలు ఆమెనే విప్పమన్నాను. దూరం నుంచి చూడగలిగింది చాలానే ఉంది. ఊరికే కూర్చున్నా స్ట్రైడార్ వినబడుతోంది. పీల్చినప్పుడల్లా మెడ కింది గుంట, డొక్కలు కొద్దిగా లోపలికి పోతున్నాయి. పెదవులు ఎర్రగానే ఉన్నాయి. నన్ను గుర్రుగా చూస్తున్నాడు, అమ్మ కొంగు వదలడం లేదు, అంటే తెలివిగా ఉన్నాడు. కాస్త కుదురుకున్నాక తల్లి చేతి మీదుగా స్టెతస్కోపు ఆనించాను. గాలి కొంచెం తక్కువగా చేరుతోంది. వేలికి తగిలించిన క్లిప్పు ఆక్సిజన్ 97 చూపించింది.

వెస్ట్‌లీ, ఆయన సహచరులు 1978లో ఇచ్చిన లెక్క ఒకటుంది. స్ట్రైడార్, డొక్కలు పోవడం, గాలి చేరడం, నీలం రంగు, స్పృహ అనే అయిదింటికీ మార్కులు. ఈ బిడ్డకు వరుసగా రెండు, ఒకటి, ఒకటి, సున్నా, సున్నా, మొత్తం నాలుగు. రెండు వరకు తేలిక. మూడు నుంచి ఏడు మధ్యస్థం. ఎనిమిది, ఆపైన తీవ్రం. నోరు తెరిపించి పుల్లతో గొంతు చూడలేదు, సూది వేయలేదు, ఎక్స్‌రేకి పంపలేదు. క్రూప్ అని తేల్చడానికి ఇవేవీ అవసరం లేదు, పైగా ఏడిపిస్తాయి.

కానీ క్రూప్ కాకపోయే అవకాశాన్ని మాత్రం అడిగి తోసిపుచ్చాలి. పల్లీలు తింటూనో, చింతగింజలతో ఆడుతూనో ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరయ్యాడా? అలాగైతే గొంతులో ఏదో ఇరుక్కుందని అనుమానించాలి. జ్వరం బాగా ఎక్కువై, మింగలేక చొంగ కారుస్తూ, మొరిగే దగ్గు లేకుండా ముందుకు వంగి కూర్చున్నాడా? అది ఎపిగ్లటైటిస్ కావచ్చు. టీకాలు తప్పి, మెడ వాచి, గొంతులో బూడిదరంగు పొర కట్టిందా? అది కంఠసర్పి. ఇవన్నీ పెద్దాసుపత్రి పనులే. ఈ బిడ్డకు రెండు రోజుల జలుబు, తేలికపాటి జ్వరం, టీకాలన్నీ వేసినట్టు కార్డు.

ఇక మందు. డెక్సామెథాసోన్, కిలోకు 0.6 మిల్లీగ్రాముల చొప్పున 6 మిల్లీగ్రాములు, ఒకే ఒక్కసారి. కిలోకు 0.15 ఇచ్చినా చాలావరకు సరిపోతుందని ఆస్ట్రేలియాలోని పెర్త్ వైద్యులు 1990ల్లోనే చూపించారు. నేను ఇంజెక్షన్ సీసాలోని మందునే నోటి ద్వారా ఇస్తాను. మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములుంటుంది, కాబట్టి ఒకటిన్నర మిల్లీలీటరు చాలు. చేదు కనుక కొంచెం తీపి పానకంలో కలిపి తల్లి చేతే పట్టించాం. సూదిగా ఇచ్చినా ఇదే పని చేస్తుంది, ఇదే మందు. వాంతి చేసుకునే బిడ్డకు తప్ప ఆ నొప్పి అవసరం లేదు.

"స్టెరాయిడా మేడం?" అన్న తండ్రి గొంతులో భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే దానికి మన చుట్టూ కారణం ఉంది. మామూలు జలుబుకి కూడా స్టెరాయిడ్ చుక్కలు చీటీ లేకుండా కొని వారాల తరబడి పోసిన పిల్లలను చూస్తూనే ఉంటాం. ముఖం ఉబ్బి, ఎదుగుదల నెమ్మదించి, జబ్బులు త్వరగా పట్టుకునే స్థితికి వస్తారు. ఆ హాని రోజుల తరబడి వాడితే వచ్చేది. ఒక్క మోతాదు సంగతి వేరు. వైరస్‌ను అది చంపదు. వాచిన పొరలోని సన్న రక్తనాళాల నుంచి నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది, అందువల్ల ఆ మిల్లీమీటరు వాపు తీస్తుంది. పని ఒకటి రెండు రోజుల పాటు ఉంటుంది, అంటే జబ్బు ముదిరే రాత్రులు గడిచేదాకా. 2004లో కెనడాలో తేలికపాటి క్రూప్ ఉన్న 720 మంది పిల్లల మీద జరిపిన పరీక్షలో, మందు తీసుకున్నవారిలో నూటికి ఏడుగురే తిరిగి డాక్టరు దగ్గరికి వచ్చారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో పదిహేను మంది.

అయితే ఈ మందు వెంటనే పని చేయదు. తేడా స్పష్టంగా కనబడటానికి దాదాపు రెండు గంటలు. తీవ్రంగా ఉన్నప్పుడు ఆ రెండు గంటలు నిలబెట్టడానికి అడ్రినలిన్‌ను నెబ్యులైజర్‌లో ఇస్తాం. కొద్ది నిమిషాల్లోనే ఊపిరి తేలికవుతుంది, కానీ దాని ప్రభావం రెండు గంటలే. అది తీరాక వాపు మళ్లీ బయటపడవచ్చు. అందుకే అడ్రినలిన్ ఇచ్చిన బిడ్డను వెంటనే ఇంటికి పంపకూడదు. మా పసివాడికి అది అవసరపడలేదు, సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాం. నాయనమ్మ వేడినీళ్ల ఆవిరి పట్టిద్దామంది. తేమగాలి క్రూప్‌ను తగ్గించదని టొరంటోలో జరిగిన పరీక్ష 2006లో తేల్చింది. మరుగుతున్న నీళ్ల పక్కన ఏడాదిన్నర పిల్లవాణ్ని కూర్చోబెడితే కాలే ప్రమాదం కూడా ఉంది. "వద్దమ్మా" అన్నాను, ఆవిడ ఒప్పుకుంది.

ఈ ఎదురుచూపులో ఏం చూడాలో తల్లికి ఇలా చెప్పాను: "కూత తగ్గితే సంతోషించేముందు బిడ్డ మొఖం చూడు." కూత తగ్గి, డొక్కలు కుదుటపడి, ఆడుకుంటూ పాలు తాగితే నయమవుతున్నట్టు. కూత తగ్గి, బిడ్డ కూడా మగతగా, పాలిపోయి, వాలిపోతే, అది గాలి పీల్చే బలం అయిపోవడం. ఇక ఆలస్యం చేయడానికి వీల్లేదు. మాకైతే ఎం.జి.ఎం. ఆసుపత్రి దగ్గరే. ఊళ్ల నుంచైతే 108కి ఫోన్ చేయాలి, బిడ్డను ఒళ్లోనే కూర్చోబెట్టి తీసుకుపోవాలి.

రెండున్నర గంటల తర్వాత తీసిన లెక్కలో రెండు మార్కులే మిగిలాయి. డొక్కలు కొంచెం కదులుతున్నాయి, స్ట్రైడార్ ఏడిస్తేనే వినబడుతోంది. మరో గంటన్నర ఉంచి పంపాను. మొరిగే దగ్గు ఇంకో రెండు మూడు రాత్రులు ఉండొచ్చని చెప్పాను. యాంటీబయాటిక్ రాయలేదు, ఇది వైరస్ పని. దగ్గు మందూ రాయలేదు, ఈ వయసుకు వాటివల్ల లాభం లేదు.

చీటీ మీద మాత్రం పెద్ద అక్షరాలతో రాశాను: డెక్సామెథాసోన్, 6 మిల్లీగ్రాములు, ఇచ్చిన తేదీ, సమయం, "ఇంట్లో మళ్లీ ఇవ్వకూడదు." మరునాటి రాత్రి మళ్లీ దగ్గొచ్చి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆ చీటీ చూసి ఏం ఇచ్చారో ఆయనకు తెలుస్తుంది. మెడికల్ షాపులో ఎవరో ఇచ్చిన చుక్కలు దానిమీద పడకుండా ఆగుతాయి. మీ బిడ్డకు ఎప్పుడైనా స్టెరాయిడ్ ఇస్తే, ఏ మందు, ఎంత, ఎప్పుడు, ఎన్ని రోజులు అని అడిగి రాయించుకోండి. ఎన్ని రోజులు అన్నచోట "ఒక్కసారే" అని ఉంటే, క్రూప్ విషయంలో అది నిశ్చింతగా ఇవ్వదగిన మందు.