మూడు రోజులు ఆగిన సూది

ఎండాకాలంలో భూపాలపల్లి దగ్గరి ఊరి నుంచి ఒక గీత కార్మికుడు వచ్చాడు. నలభై దాటిన మనిషి. కుడి డొక్కను చేత్తో అదిమి పట్టుకుని అటే వంగి నడుస్తున్నాడు. 9 రోజులుగా జ్వరం, రాత్రిపూట చెమటలు, గట్టిగా గాలి పీలిస్తే కుడి భుజం దాకా గుంజే నొప్పి. విరేచనాలు లేవు. కుడివైపు కింది పక్కటెముకల మధ్య వేలితో నొక్కితే ఉలిక్కిపడ్డాడు. అల్ట్రాసౌండ్‌లో కాలేయం కుడి భాగంలో 7 సెంటీమీటర్ల గడ్డ, ఒక్కటే, కనిపించింది.

"గంత పెద్ద గడ్డ ఉన్నదంటున్నరు, సూదేసి చీము గుంజెయ్యరాదా సార్?" అన్నాడు కొడుకు.

సెగ్గడ్డ పండితే చీము తీయడం ఊళ్లో అందరికీ తెలిసిన వైద్యమే కదా. కానీ అమీబా గడ్డ తీరు వేరు. కలుషితమైన నీళ్లతోనో తిండితోనో లోపలికి వెళ్లిన అమీబా పెద్దపేగు గోడను తొలుచుకుని, రక్తంలో పడి కాలేయానికి చేరుతుంది. అక్కడి కణాలను కరిగిస్తుంది. మనం చీము అనుకునే ఆ చాక్లెట్ రంగు ద్రవం చాలావరకు కరిగిన కాలేయమే. బతికున్న అమీబాలు ఉండేది గడ్డ అంచున. నడిమి ద్రవాన్ని తోడినంత మాత్రాన అవి పోవు. ఆ అంచు దాకా రక్తంతో పాటు వెళ్లగలిగేది మెట్రోనిడజోల్. 1966లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ వైద్యులు ఈ మందు కాలేయపు గడ్డ మీద పనిచేస్తుందని చూపించారు. అంతకు ముందు వాడిన ఎమెటిన్‌తో గుండె దెబ్బతినే భయం ఉండేది.

అతనికి 800 మిల్లీగ్రాముల మోతాదు, రోజుకు మూడుసార్లు, 10 రోజులకు రాశాను. నోరు ఇనుము నాకినట్టు ఉంటుందని, మందు ఉన్నన్ని రోజులూ కల్లు, సారా ముట్టొద్దని చెప్పాను. బ్యాక్టీరియా గడ్డ కాదని తేల్చుకోవడానికి రక్తం కల్చర్‌కు, అమీబా యాంటీబాడీ పరీక్షకు పంపాను. ఆ తర్వాత నా కళ్లు జ్వరం చార్టు మీదే. మొదటి రోజు 103 డిగ్రీలు. మూడో రోజు సాయంత్రానికి 99.4. నాలుగో రోజు నిటారుగా నడిచాడు. సూదితో పనిపడలేదు.

అలాగని సూదిని ఎప్పుడూ వద్దనలేం. మందు మొదలుపెట్టి నాలుగైదు రోజులైనా జ్వరం, నొప్పి తగ్గకపోతే తోడాలి. గడ్డ 10 సెంటీమీటర్లు దాటి, పైన కాలేయం పల్చటి పొరలా మిగిలితే పగిలే దాకా ఆగకూడదు. ఎడమ భాగంలో పెద్ద గడ్డ ఉంటే ఇంకా తొందరపడాలి. అది పగిలితే చీము గుండె చుట్టూ ఉన్న సంచిలోకి పోవచ్చు. బ్యాక్టీరియా గడ్డేమోనన్న అనుమానం తీరకపోయినా తోడి చూడాల్సిందే. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది వేస్తాం. చీము చిక్కగా ఉన్నా, మళ్లీ మళ్లీ ఊరుతున్నా సన్నని గొట్టం కొన్నాళ్లు ఉంచుతాం. చీము తోడినా మెట్రోనిడజోల్ మాత్రం ఆపం.

జ్వరం పోయాక చేసే తప్పు ఒకటుంది. నేనూ చేశాను. చాలా ఏళ్ల కింద ఒకాయనకు గడ్డ తగ్గిందని 10 రోజుల మాత్రలతోనే ఇంటికి పంపాను. నాలుగు నెలలకు అదే జ్వరంతో, అదే డొక్క పట్టుకుని తిరిగొచ్చాడు. మెట్రోనిడజోల్ చాలావరకు చిన్నపేగులోనే రక్తంలోకి ఇంకిపోతుంది. కాలేయానికి అదే మేలు. కానీ పెద్దపేగులో దాక్కున్న అమీబాలకు అది చాలినంత అందదు. మెట్రోనిడజోల్ పూర్తయిన వాళ్లలోనూ దాదాపు సగం మంది పేగుల్లో అవి మిగిలే ఉంటాయి. వాటి గుడ్ల వంటి సిస్టులు మలంతో బయటపడి ఇంట్లో వాళ్లకూ అంటుతాయి. అందుకే పేగులోనే పనిచేసే రెండో మందు కావాలి. డైలాక్సనైడ్ ఫ్యూరోయేట్ 500 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, 10 రోజులు. దొరికిన చోట పారమోమైసిన్ కూడా ఇస్తారు. మల పరీక్షలో ఏమీ కనపడకపోయినా ఇది మానొద్దు.

గీత కార్మికుడికి ఆ రెండో మందు చీటీ ఇస్తే, "నొప్పే లేదు కదా సార్, ఇగ గోళీలెందుకు?" అన్నాడు. మొదటి మందు కాలేయానికి, ఇది పేగుకు అని బొమ్మ గీసి చూపించాను.

రెండు నెలల తర్వాత కొడుకు భయంగా స్కాన్ కాగితం తెచ్చాడు. గడ్డ ఉన్న చోట ఇంకా 4 సెంటీమీటర్ల నల్లటి ఖాళీ. జ్వరం లేదు, ఆకలి బాగుంది, బరువు పెరిగాడు. కరిగిన కాలేయం పూడటానికి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది. ఆ ఖాళీని చూసి మళ్లీ మందు మొదలుపెట్టకూడదు, సూది అంతకన్నా వేయకూడదు. డైలాక్సనైడ్ సంగతి అడిగితే తండ్రి జేబులోంచి ఖాళీ స్ట్రిప్పులు తీసి బల్ల మీద పెట్టాడు. లెక్కపెట్టాను. 30 మాత్రలూ అయిపోయాయి.