సినాప్సిస్ చెప్పని సంగతి

ఫిల్మ్‌ఫ్రీవేలో షార్ట్ ఫిల్మ్ వివరాలు నింపేటప్పుడు సినాప్సిస్, దర్శకుడి పరిచయం, డైరెక్టర్స్ స్టేట్‌మెంట్ వేర్వేరుగా అడుగుతారు. చాలామంది మూడింట్లోనూ ఒకే సంగతి తిప్పితిప్పి రాస్తారు. కథేమిటో సినాప్సిస్ చెబుతుంది, మీరెవరో పరిచయం చెబుతుంది. ఈ కథ మీరే ఎందుకు తీశారు, ఇలాగే ఎందుకు తీశారు అన్నది చెప్పడానికి స్టేట్‌మెంట్ ఒక్కటే మిగులుతుంది.

పోచంపల్లిలో ఒక నేతకారుడు మగ్గం అమ్మేసే రోజు మీద 12 నిమిషాల చిత్రం తీశారనుకుందాం. దర్శకుడు ఆ నేతకారుడి కొడుకే. అతని చేతికి మొదట వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: "చేనేత కార్మికుల కన్నీటి గాథను హృద్యంగా ఆవిష్కరించే ప్రయత్నమిది." చేనేత మీద ఎవరు ఏ సినిమా తీసినా ఈ వాక్యం సరిపోతుంది. పైగా హృద్యంగా ఉందో లేదో చెప్పాల్సింది చూసినవాళ్లు.

అదే మనిషి తన ఇంట్లోకి వెళ్లి రాస్తే: "మా నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు. మగ్గం అమ్మిన వారానికే ఆ గుంట పూడ్చి, సిమెంటు చేసి, పైన మంచం వేశాం. దాని మీద నాకు నిద్ర పట్టేది కాదు. నాన్న చేతులకు పని తెలుసు, చేసే చోటే లేదు. ఆ చేతులేం చేస్తాయన్నదే ఈ సినిమా. నేసేటప్పుడు ఆయన కాళ్లు గుంటలో ఉండేవి, చూపు నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో ఉండేది. కెమెరాను చివరిదాకా ఆ ఎత్తులోనే ఉంచాను. మగ్గం కొనడానికి వచ్చి నిలబడ్డవాళ్ల ముఖాలు అందుకే కనిపించవు."

వ్యక్తిగత బంధం, ఇతివృత్తం, దృశ్య దృక్పథం మూడూ ఇందులో ఉన్నాయి. నాకు ముఖ్యమనిపించేది వాటి వరుస. కెమెరా ఎత్తుకు కారణం నాన్న కూర్చున్న తీరులో ఉంది కాబట్టే ఆ నిర్ణయం నమ్మబుద్ధేస్తుంది. కారణం చెప్పకుండా "కెమెరాను తక్కువ ఎత్తులో పెట్టాను" అంటే అది సాంకేతిక సమాచారమే అవుతుంది.

స్టేట్‌మెంట్‌ను ఫైనల్ ఎడిట్ అయ్యాకే రాయాలి. షూటింగ్‌కు ముందు రాసుకున్న నోట్‌లో "మగ్గం చప్పుడే సంగీతం" అని ఉంటుంది, ఎడిటింగ్‌లో వయొలిన్ వచ్చి చేరుతుంది. ఆ తేడా చిత్రోత్సవాలకు ఎంపిక చేసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. సినిమా చూశాకే దీన్ని చదివేవాళ్లూ ఉంటారు కాబట్టి, తెర మీద లేనిది ఇక్కడ రాసి ఒప్పించలేం. ఎంపికైతే ఇవే మాటలు కేటలాగ్‌లోకి వెళ్లవచ్చు, అందుకని ముగింపు బయటపెట్టకూడదు. ఉత్సవం ప్రత్యేకంగా నిడివి చెప్పకపోతే 150 నుంచి 200 పదాలు చాలు.

కథ మీ ఇంటిది కాకపోతే సొంతం చేసుకోనక్కర్లేదు. ఆ ఇంటికి ఎలా చేరారో, వాళ్లు దేనికి ఒప్పుకున్నారో, దేన్ని చూపించవద్దన్నారో రాయండి.