గ్లుటమిన్: పేగు కణం పనితనం

చిన్నపేగు లోపలి పొరలో కణం ఆయుష్షు నాలుగైదు రోజులే. ఆ కొద్దిపాటి బతుకులో అది ఇంధనంగా బాగా వాడుకునేది గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని. 1974లో హెర్బర్ట్ విండ్‌మ్యూలర్, ఆల్బర్ట్ స్పేత్ ఎలుక పేగులోకి వెళ్లే రక్తాన్నీ, తిరిగి వచ్చే రక్తాన్నీ పోల్చి చూశారు. రక్తం ఒక్కసారి అలా వెళ్లివచ్చేసరికి అందులోని గ్లుటమిన్‌లో సుమారు పావువంతు మాయమైంది. అంటే పేగు తిన్న తిండి నుంచే కాదు, రక్తం నుంచి కూడా దాన్ని లాక్కుంటోంది.

ఈ కణం పనితనం చూడాల్సింది ఆ అణువును విడగొట్టే తీరులో. గ్లుటమిన్‌లో రెండు నత్రజని పరమాణువులున్నాయి. గ్లుటమినేజ్ ఎంజైము ఒకదాన్ని అమోనియాగా తుంచేస్తుంది. అమోనియా విషమే, కానీ పేగు రక్తం నేరుగా కాలేయానికే చేరుతుంది గనుక అక్కడ యూరియాగా మారిపోతుంది. మిగిలిన గ్లుటమేట్‌లో చాలా భాగం రెండో నత్రజనిని అలనిన్ తయారీకి అప్పగించి, తన కార్బన్ చట్రాన్ని మైటోకాండ్రియాలో కాల్చి శక్తినిస్తుంది. కొంత సిట్రులిన్‌గా మారి, కాలేయాన్ని దాటి మూత్రపిండాలకు చేరి అక్కడ ఆర్జినిన్ అవుతుంది. రక్తంలో సిట్రులిన్ బాగా తగ్గితే పేగు పొర దెబ్బతిన్నదని వైద్యులు అనుమానిస్తారు.

లింఫోసైట్‌ది వేరే పద్ధతి. ఆక్స్‌ఫర్డ్‌లో ఎరిక్ న్యూస్‌హోమ్ బృందం గమనించినట్టు, అది గ్లుటమిన్‌ను వేగంగా తీసుకుంటుంది గానీ పూర్తిగా కాల్చదు. సూక్ష్మజీవి కనబడగానే అది విభజన చెందాలి, అందుకు కొత్త డీఎన్ఏ కావాలి. డీఎన్ఏలోని ప్యూరిన్ వలయాల్లో రెండు నత్రజనులు గ్లుటమిన్ ఇచ్చినవే.

మరి డబ్బాలో అమ్మే గ్లుటమిన్ పొడి తాగితే ఇవన్నీ బలపడవా? ఆరోగ్యవంతుడి కండరాలు, ఇతర కణజాలం కలిసి రోజుకు పదుల గ్రాముల గ్లుటమిన్ తయారుచేస్తాయి. అయిదు గ్రాముల చెంచా అందులో చిన్న చేర్పు. పైగా నోటి ద్వారా వెళ్లినదాన్ని పేగు, కాలేయం దారిలోనే చాలావరకు వాడేస్తాయి. కొరతే లేనిచోట ఇంధనం పోస్తే కణం ఎక్కువ పనేమీ చేయదు.

తీవ్రమైన కాలిన గాయాల్లో, సెప్సిస్‌లో ఖర్చు ఉత్పత్తిని మించి, రక్తంలో గ్లుటమిన్ తగ్గుతుంది. బయటి నుంచి ఇవ్వాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. కానీ పలు అవయవాలు విఫలమై వెంటిలేటర్‌పై ఉన్న 1,223 మందిపై జరిపిన రెడాక్స్ పరీక్షలో (2013) గ్లుటమిన్ ఇచ్చినవారిలో మరణాలు తగ్గకపోగా పెరిగాయి. 2022లో వెలువడిన పెద్ద పరీక్షలో తీవ్రంగా కాలినవారు ఆస్పత్రి నుంచి త్వరగా ఇంటికి వెళ్లిందీ లేదు.

కాబట్టి దీని చోటు ఇరుకైనది. తిండి తినలేక నరం ద్వారానే పోషణ పొందే, అవయవాలు నిలకడగా ఉన్న రోగులకు వైద్యులు దీన్ని ఆలోచిస్తారు. గ్లుటమిన్ నీటిలో నిలవదు గనుక, పాత ద్రవాల్లో అది ఉండేది కాదు. ఇప్పుడు దాన్ని అలనిన్‌తో జతచేసి, కరిగినా చెడకుండా ఇస్తారు. ఏ రోగికి ఇవ్వాలో, మూత్రపిండాలు, కాలేయం తట్టుకుంటాయో లేదో చూశాకే ఆ సీసా వేలాడాలి.