రెండు మాటలూ నిలవాలంటే

టీవీ సీరియల్‌కు కథ రాసే కుర్రాడొకడు ఈ వారం ఫోన్ చేశాడు. "మాస్టారూ, శుక్రవారం ఎపిసోడ్‌కల్లా హీరోయిన్ తండ్రి చనిపోవాలంటున్నారు ప్రొడక్షన్ వాళ్ళు. ఆయన డేట్స్ ఇక రెండు రోజులే ఉన్నాయట. కూతురి పెళ్ళిలో కన్యాదానం ఆ తండ్రే చెయ్యాలంటున్నారు ఛానెల్ వాళ్ళు. ప్రోమో కూడా వెళ్ళిపోయింది. పెళ్ళి రెండు వారాల తర్వాత." కథా చర్చలో ఏం తేలిందని అడిగాను. పెళ్ళి ముందు చూపించి, అదంతా కూతురికి వచ్చిన కల అని చెప్పేద్దామన్నారట.

కలల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు. ప్రేక్షకుడు ఏడ్చిన ఏడుపును వెనక్కి తీసుకొమ్మనడమే అది. కాకపోతే ఈసారి తిట్టి ఊరుకోబుద్ధి కాలేదు. ఒకదానికొకటి పొసగని రెండు ఆదేశాలను కథలో ఎలా నిలబెట్టాలో భారతం ఒకచోట దగ్గరుండి నేర్పుతుంది. అది కర్ణపర్వం, యుద్ధం పదిహేడో రోజు.

కర్ణుడి దెబ్బలకు ఒళ్ళంతా గాయాలై ధర్మరాజు శిబిరానికి వెళ్ళిపోయాడు. అన్న ఎలా ఉన్నాడో చూద్దామని అర్జునుడు, కృష్ణుడు వచ్చారు. కర్ణుణ్ణి చంపిన కబురు చెప్పడానికే వచ్చారనుకుని ఆయన సంబరపడ్డాడు. ఇంకా చంపలేదని తెలియగానే నోరు జారాడు. నీ వల్ల కాకపోతే గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఎవరికీ చెప్పని ప్రతిజ్ఞ ఒకటుంది. కత్తి దూశాడు. ఒకపక్క ప్రతిజ్ఞ తప్పకూడదు, ఇంకోపక్క అన్నను చంపకూడదు.

కృష్ణుడు మొదట ప్రతిజ్ఞనే సడలించబోతాడు. నిజమే చెబుతానని పట్టుబట్టిన కౌశికుడు, దొంగలు తరుముకొస్తున్నవాళ్ళు ఎటు పారిపోయారో చూపించి నరకానికి పోయిన కథ చెబుతాడు. అర్జునుడు అన్నను చంపడం తప్పేనని ఒప్పుకుంటాడు. కానీ కత్తి ఒరలో పెట్టి ఊరుకోడు. నా ప్రతిజ్ఞ నిజం కావాలి, అన్నా నేనూ బతకాలి, ఆ దారి చెప్పమని అడుగుతాడు. కథలు రాసేవాళ్ళందరూ నేర్చుకోవలసిన ప్రశ్న ఇది. రెండిట్లో ఏది వదులుకోవాలని కాదు, రెండూ నిలిచే దారి ఏదని అడిగాడు.

అప్పుడు కృష్ణుడు ప్రతిజ్ఞలోని 'చంపడం' అనే మాటను పట్టుకుంటాడు. గౌరవంగా బతికినవాడికి అవమానమే చావు, పెద్దవాణ్ణి ఏకవచనంతో పిలిస్తే చంపినట్టే అంటాడు. అర్జునుడు ఆ పనే చేస్తాడు. యుద్ధానికి దూరంగా కూర్చున్న నువ్వా నన్ననేది, అనే హక్కు భీముడికుంది, జూదమాడి మమ్మల్ని ఈ గతికి తెచ్చింది నువ్వే కదా అంటాడు.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేసి కృష్ణుడి తెలివిని మెచ్చుకుంటారు. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి భాగం. అన్నను అంత మాట అన్నాక అర్జునుడు మళ్ళీ కత్తి తీస్తాడు, ఈసారి తన మీదికే. తనను తాను పొగుడుకోవడం ఆత్మహత్యతో సమానమని చెప్పి కృష్ణుడు అతన్ని ఆపుతాడు. పొగుడుకోవడం అయ్యాక ధర్మరాజు పక్క మీంచి లేచి, నేను అడవికి పోతాను, భీముణ్ణి రాజును చెయ్యండి అంటాడు. కృష్ణుడు ఆయన్ను బతిమాలాల్సి వస్తుంది. అర్జునుడు అన్న పాదాల మీద పడి, ఇవాళే కర్ణుణ్ణి చంపుతానని మాటిస్తాడు. ఆ రోజే చంపుతాడు కూడా.

అంటే అర్థాన్ని కాస్త తిప్పితే పని అయిపోలేదు. ఆ తిప్పినందుకు ముగ్గురూ మూల్యం చెల్లించారు, ఆ మూల్యంలోంచే కర్ణవధకు తొందర పుట్టింది. అన్నదమ్ముల మధ్య ఏమీ జరగనట్టు కథ ముందుకు సాగి ఉంటే, ఏకవచనం ఉపాయం వట్టి మాటల గారడీగా మిగిలేది.

కుర్రాడి కథను ఇదే పద్ధతిలో విప్పుకుంటూ వచ్చాం. ముందు రెండు ఆదేశాలనూ కాగితం మీద ఉన్నవి ఉన్నట్టు రాయమన్నాను. తండ్రి శుక్రవారానికి చనిపోవాలి. తండ్రి తన చేత్తో కన్యాదానం చెయ్యాలి. అంతే. పెళ్ళి రెండు వారాల తర్వాతే జరగాలని గానీ, అది ఆ పెద్ద మండపం సెట్‌లోనే ఉండాలని గానీ ఎవరూ అనలేదు. సెట్ సిద్ధంగా ఉందని చర్చలో కూర్చున్నవాళ్ళే ఆ రెండూ కలిపేసుకున్నారు. చిక్కంతా చాలావరకు ఇలా ఎవరూ చెప్పని మూడో మాటలోనే ఉంటుంది.

దాన్ని పక్కన పెట్టగానే దారి కనిపించింది. తనకు రోజులు దగ్గరపడ్డాయని తండ్రికి తెలుసు. గురువారం రాత్రి ఊరి గుడిలో, పురోహితుడు, నాయనమ్మ తప్ప ఎవరూ లేకుండా, కూతురు ఇష్టపడ్డ అబ్బాయి కాళ్ళు కడిగి ఆమె చేతిని అతని చేతిలో పెడతాడు. శుక్రవారం కన్నుమూస్తాడు. ఆ నటుడికి మిగిలిన రెండు రోజులూ దానికి సరిపోతాయి.

ఇక మూల్యం ఎవరు కట్టాలి? గుడిలో జరిగింది బయటపెట్టొద్దని తండ్రి కూతురి దగ్గర మాట తీసుకున్నాడు. ఎందుకంటే ఇల్లు పెదనాన్న దగ్గర తాకట్టులో ఉందని, ఆయన వేరే సంబంధం చూశాడని కథలో ముందే వచ్చింది. మైల తీరాక ఆ పెదనాన్నే పెద్ద మండపంలో పెళ్ళి పెడతాడు. పెళ్ళైపోయిన పిల్ల ఇంకొకడి పక్కన పీటల మీద కూర్చుంటుంది. జీలకర్ర బెల్లం పెట్టే లోపల తండ్రికిచ్చిన మాటైనా దాటాలి, తండ్రి చేసిన దానాన్నైనా కాదనాలి. సెట్ కూడా వృథా పోలేదు.

సరిచూసుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. గుడి సీను తీసేసి తర్వాతి వారం చదవండి. ఏమీ మారకపోతే అది సర్దుబాటు, కథ కాదు. ఇక్కడ మండపం సీనే నిలబడదు కాబట్టి పరవాలేదు.

అయితే అన్నిటికీ ఇలా దారి దొరకదు. గయోపాఖ్యానమే చూడండి. గయుణ్ణి చంపుతానని కృష్ణుడి ప్రతిజ్ఞ, కాపాడతానని అర్జునుడి అభయం. 1963లో కె.వి. రెడ్డి 'శ్రీకృష్ణార్జున యుద్ధము'గా తీస్తే రామారావు, నాగేశ్వరరావు ఎదురెదురుగా నిలబడ్డారు. చివరికి శివుడు అడ్డుపడాల్సి వస్తుంది. కథకుడికి ఉపాయం తోచక దేవుణ్ణి దించాడని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ధర్మరాజు ప్రాణం ఒకటి, గౌరవం ఒకటి, కాబట్టి ప్రతిజ్ఞను ఒకదాని నుంచి రెండోదానికి మళ్ళించగలిగారు. గయుడి విషయంలో రెండు మాటలూ ఒకే ప్రాణం మీద పడ్డాయి. అక్కడ మళ్ళించడానికి ఇంకేమీ లేదు. ఇద్దరి కంటే పెద్దవాడెవరైనా వచ్చి ఆపమనాలి, అంతే. అలాంటిచోట మాటలు తిప్పి నెట్టుకొస్తే ఇద్దరి ప్రతిజ్ఞా చులకనైపోతుంది.

కుర్రాడి దగ్గర రెండో చిక్కు కూడా ఉంది. వచ్చే నెల అత్తగారు హీరోయిన్‌ను మనసారా క్షమించాలట, అదే ఎపిసోడ్‌లో ఆమె మీద పగ కూడా పట్టాలట. పైకి నటిస్తోందని రాద్దామన్నాడు. 'మనసారా' అని వాళ్ళే రాశాక నటనకు చోటెక్కడిది? ఇది గయుడి చిక్కే. రాత్రంతా కూర్చుని దారి వెతకొద్దన్నాను. రెండు ఆదేశాలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి, వీటిలో దేన్ని వదులుకుంటారో సోమవారంలోగా చెప్పమని నిర్మాతకు పంపమన్నాను.